ట్యుటోరియల్ ఛానెల్‌కు థంబ్‌నెయిల్, శీర్షిక: ఆకర్షణ, నిజాయితీ

ట్యుటోరియల్ వీడియో కోసం వెతికేవారికి ఎక్కడో ఒక పని ఆగిపోయి ఉంటుంది. ఫారం నింపుతూ మధ్యలో నిలిచిపోయి ఉండవచ్చు, మోటారు తిరగకపోయి ఉండవచ్చు, కుట్టుమిషన్‌లో దారం తెగిపోతూ ఉండవచ్చు. ఆ పని ముందుకు సాగాలన్న ఆశతోనే వారు మీ వీడియోను తాకుతారు. తాకే ముందు వారికి కనిపించేవి రెండే: ఒక చిన్న బొమ్మ, దాని కింద ఒక వాక్యం. బొమ్మను థంబ్‌నెయిల్ అంటాం, వాక్యం శీర్షిక. ఈ రెండింటినీ చూపరి దృష్టిని ఆపేలా, అదే సమయంలో వీడియోలో ఉన్నదానికి మించి చెప్పకుండా ఎలా తయారుచేయాలో ఈ పాఠ్యభాగంలో ఒకే ఉదాహరణను చివరిదాకా వెంటబెట్టుకుని పరిశీలిద్దాం.

ఉదాహరణ: కలిగిరి నుంచి ఒక వీడియో

మీరు నెల్లూరు జిల్లా పడమటి మెట్టప్రాంతంలోని కలిగిరిలో ఉంటున్నారనుకోండి. పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉన్న ఊరు కాబట్టి చుట్టుపక్కల పల్లెల రైతులు వస్తూ పోతూ ఉంటారు. ఫోన్‌లో చేసుకోగల ప్రభుత్వ సేవలను తెలుగులో చూపించే ఛానెల్ ఒకటి మీరు నడుపుతున్నారు. ఈసారి మీ వీడియో పీఎం కిసాన్ పథకంలో ఈ-కేవైసీ చేసుకోవడం గురించి. ఆరు నిమిషాల వీడియో.

ఈ పథకం కింద అర్హులైన రైతు కుటుంబానికి ఏడాదికి 6000 రూపాయలు, మూడు విడతల్లో 2000 చొప్పున బ్యాంకు ఖాతాలో పడతాయి. అందుకు ఈ-కేవైసీ తప్పనిసరి. దాన్ని మూడు విధాలుగా చేసుకోవచ్చు: పోర్టల్‌లో గాని యాప్‌లో గాని ఓటీపీతో, యాప్‌లో ముఖం చూపించి, లేదా సేవా కేంద్రానికి వెళ్ళి వేలిముద్ర వేసి. మీ వీడియో చూపేది మొదటిదాన్నే. ఓటీపీ రావాలంటే రైతు ఆధార్‌కు మొబైల్ నంబర్ అనుసంధానమై ఉండాలి. ఈ చిన్న షరతే మన పాఠానికి కీలకం.

ఆ షరతును దాచిన వీడియో వల్ల ఏం జరుగుతుందో ఊహించండి. ఒక పెద్దాయన మనవడి ఫోన్‌లో మీ వీడియో చూసి, చెప్పినట్టే ఒక్కొక్కటీ నొక్కుకుంటూ నాలుగో నిమిషం దాకా వస్తాడు. ఓటీపీ రాదు. మళ్ళీ మొదటి నుంచి ప్రయత్నిస్తాడు. "అబ్బయ్యా, ఎంతసేపున్నా నంబరు రాలా" అంటాడు మనవడితో. తప్పు తన వేలిలో ఉందనుకుంటాడు తప్ప, వీడియో తనలాంటివారి కోసం కాదని ఆయనకు తెలియదు. ఆ పూట సేవా కేంద్రానికి వెళ్ళి ఉంటే వేలిముద్రతో పని అయిపోయేది.

ముందుగా ఒక వాక్యం రాసుకోవడం

చాలామంది వీడియో అంతా పూర్తిచేసి, అప్‌లోడ్ చేసే సమయంలో శీర్షిక గురించి ఆలోచిస్తారు. అప్పటికి అలసిపోయి ఉంటారు. పక్క ఛానెల్ ఏం పెట్టిందో చూసి, దానికి ఇంకాస్త కారం కలిపి పెట్టేస్తారు. దీనికి బదులు, రికార్డింగ్‌కు ముందే కాగితం మీద ఒక వాక్యం రాసుకోండి. అందులో మూడు సంగతులు ఉండాలి: ఈ వీడియో ఎవరికి, వారు ఏ పని చేయగలుగుతారు, ఎంతవరకు చేయగలుగుతారు.

మన వీడియోకు ఆ వాక్యం ఇలా ఉంటుంది: "ఆధార్‌కు మొబైల్ నంబర్ ఉన్న పీఎం కిసాన్ రైతు, తన ఫోన్‌లోనే, ఓటీపీతో ఈ-కేవైసీ పూర్తిచేసుకోగలరు." ఇది శీర్షిక కాదు, కొలబద్ద. తర్వాత మీరు రాసే ప్రతి శీర్షికనూ, గీసే ప్రతి థంబ్‌నెయిల్‌నూ దీని పక్కన పెట్టి చూడాలి. ఈ వాక్యంలో లేని మాట ఏదైనా అందులోకి వచ్చిందంటే ఆ మాట వీడియోలో లేదన్నమాట.

ఈ కొలబద్దతో కొన్ని శీర్షికలను పరీక్షిద్దాం. మొదటిది మీరు తరచుగా చూసే రకం: "రైతులకు శుభవార్త! ఖాతాలో 2000 పడ్డాయి". డబ్బు పడిన సంగతి మన వాక్యంలో ఎక్కడా లేదు. ఇది పూర్తిగా అబద్ధం, దీని గురించి ఎక్కువ చర్చ అక్కరలేదు.

రెండోది దీనికంటే ప్రమాదకరం: "eKYC చేస్తే మీ ఖాతాలో 2000". ఇది సగం నిజం. ఈ-కేవైసీ లేకపోతే డబ్బు రాదన్నది నిజమే గాని, అది చేసినంత మాత్రాన వస్తుందని కాదు. పోర్టల్‌లో రైతు తన స్థితిని చూసుకున్నప్పుడు ఈ-కేవైసీతో పాటు భూమి వివరాల నమోదు, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం కూడా విడివిడిగా కనిపిస్తాయి. వాటిలో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా విడత ఆగిపోవచ్చు. పూర్తి అబద్ధాన్ని చూపరి రెండు నిమిషాల్లో పట్టేస్తాడు. సగం నిజాన్ని నమ్మి, వారాల తరబడి ఖాతా చూసుకుంటూ కూర్చుంటాడు.

మూడోది "PM Kisan eKYC చేసుకునే విధానం". ఇందులో అబద్ధం లేదు, కాని పట్టూ లేదు. ఇదే మాటలతో వెతుకులాట జాబితాలో పది వీడియోలు కనిపిస్తాయి. వాటిలో మీదాన్ని ఎందుకు తాకాలో చూపరికి ఏ ఆధారమూ దొరకదు. నిజాయితీగా ఉండాలనుకునే కొత్త ఛానెళ్ళు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. నిజం చెప్పడమంటే చప్పగా చెప్పడమని అనుకుంటారు. ఆకర్షణ ఉండేది నిర్దిష్టతలో. మూడు పద్ధతుల్లో ఇది ఏ పద్ధతి, ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ కూర్చుని చేయవచ్చు అన్నవి చెబితే శీర్షికకు ప్రాణం వస్తుంది.

అలా చేస్తే వచ్చేది ఇది: "PM Kisan eKYC ఫోన్‌లోనే ఓటీపీతో: ఆధార్‌కు నంబర్ లింక్ ఉన్నవారికి". నంబర్ లింక్ లేనివారు దీన్ని తాకరు. ఆ మేరకు క్లిక్‌లు తగ్గుతాయి, నిజమే. కాని లింక్ ఉన్నవారికి ఇది తమ కోసమే చేసిన వీడియో అని వెంటనే తెలుస్తుంది. షరతు చెప్పడం వల్ల తలుపు సగం మూసుకుపోతుందని భయపడనక్కరలేదు. లోపలికి రావలసినవారికి అదే చిరునామా పలక.

"5 నిమిషాల్లో" అని చేర్చవచ్చా? మీరు ఎన్నోసారో చేస్తున్నారు కాబట్టి మీకు ఐదు నిమిషాలు. మొదటిసారి చేసేవారికి, పోర్టల్ నెమ్మదిగా ఉన్న రోజున, ఓటీపీ ఆలస్యమైతే అంత సమయం సరిపోదు. ఇంతకుముందు ఎప్పుడూ చేయని వ్యక్తి చేత చేయించి, గడియారం చూసి ఉంటేనే నిమిషాల మాట రాయండి. లేదంటే వదిలేయండి.

శీర్షికలో పదాల క్రమం

యూట్యూబ్‌లో శీర్షికకు 100 అక్షరాల పరిమితి ఉంది. తెలుగులో ఈ పరిమితి మనం అనుకున్నదానికంటే ముందే వస్తుంది. ఎందుకంటే కంప్యూటర్ గుణింతపు గుర్తులనూ పొల్లునూ విడిగా లెక్కిస్తుంది. కంటికి మూడక్షరాలుగా కనిపించే "కిసాన్" అనే మాట ఆరు స్థానాలు తీసుకుంటుంది. మనం పైన ఎంచుకున్న శీర్షిక సుమారు 65 స్థానాలకు వస్తుంది, అంటే పరిమితికి లోబడే ఉంది.

అయినా ఇంకో చిక్కు ఉంది. ఫోన్ తెర మీద శీర్షిక అంతా కనిపిస్తుందన్న హామీ లేదు. పొడవెక్కువైతే చివరి మాటలు తెగి మూడు చుక్కలు మిగులుతాయి. కాబట్టి పని పేరు మొదటే రావాలి. "నమస్తే రైతు సోదరులారా", "తప్పక చూడండి" వంటివాటితో మొదలుపెడితే అసలు మాట తెగిపోయిన భాగంలోకి వెళ్ళిపోతుంది.

పని పేరు ఏ లిపిలో రాయాలన్నది చాలామంది విద్యార్థులు అడిగే ప్రశ్న. చూపరులు ఎలా టైప్ చేస్తారో దాన్ని బట్టి నిర్ణయించండి. తెలుగువారిలో చాలామంది తెలుగులో వినాలనుకున్నా వెతికేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలతోనే టైప్ చేస్తారు. పైగా పోర్టల్ మీద, యాప్ మీద PM Kisan, eKYC అనే ఉంటాయి. తెర మీద చూసిన మాటే శీర్షికలోనూ కనిపిస్తే గుర్తుపట్టడం తేలిక. కనుక పథకం పేరూ పని పేరూ తెర మీద ఉన్నట్టే ఉంచి, మిగిలిన వాక్యం తెలుగులో రాయడం మంచిది. మీ ఛానెల్ కొంతకాలంగా నడుస్తుంటే ఊహించే పని లేదు: యూట్యూబ్ స్టూడియోలో వీడియోను ఎంచుకుని Analytics లోని Reach విభాగంలోకి వెళ్తే, చూపరులు ఏ మాటలతో వెతికి మీ వీడియోకు వచ్చారో కనిపిస్తుంది.

థంబ్‌నెయిల్ తయారీ

శీర్షిక చివర ఉన్న షరతు తెగిపోవచ్చని చెప్పుకున్నాం. దాన్ని థంబ్‌నెయిల్ మీదికి తేవాలి. ఇక్కడొక మంచి అలవాటు చెబుతాను: శీర్షికలో ఉన్న వాక్యాన్నే బొమ్మ మీద మళ్ళీ రాయవద్దు. శీర్షిక పని పేరు చెప్తే, బొమ్మ ఫలితాన్నీ షరతునూ చూపించాలి. ఉన్న కొద్ది చోటులో ఒకే మాటను రెండుసార్లు చెప్పడం వృథా.

థంబ్‌నెయిల్‌ను 1280 పిక్సెళ్ళ వెడల్పు, 720 పిక్సెళ్ళ ఎత్తుతో తయారుచేయండి. మీరు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దాన్ని తెర నిండా చూస్తూ చేస్తారు. చూపరి మాత్రం ఇతర వీడియోల జాబితాలో చాలా చిన్నదిగా చూస్తాడు. ఆ తేడాను అంకెల్లో చూద్దాం. 1280 వెడల్పును 160కి కుదిస్తే ఎనిమిదో వంతు అవుతుంది. మీరు 48 పిక్సెళ్ళ ఎత్తులో రాసిన అక్షరం 6 పిక్సెళ్ళకు కుంచించుకుపోతుంది. అంత చిన్న చోటులో తెలుగు అక్షరం చదవడం అసాధ్యం. 128 పిక్సెళ్ళ ఎత్తులో రాస్తే 16 మిగులుతాయి, చదవవచ్చు. అంత పెద్ద అక్షరాలతో బొమ్మ మీద పట్టేవి నాలుగైదు మాటలు మాత్రమే. థంబ్‌నెయిల్ మీద తక్కువ మాటలు రాయాలన్న సలహా వెనక ఉన్న కారణం ఇదే.

తెలుగు లిపికి ప్రత్యేకమైన ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లిష్ ఉదాహరణలతో రాసిన పుస్తకాల్లో ఇవి కనిపించవు. మన అక్షరాలకు పైన గుడి, ఏత్వం, కింద ఒత్తులు ఉంటాయి. రెండు వరుసలను దగ్గరగా జరిపితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది, రెండూ చదవలేం. కాబట్టి వరుసల మధ్య ఇంగ్లిష్‌కు ఇచ్చేదానికంటే ఎక్కువ ఎడం ఇవ్వాలి. అక్షరాల చుట్టూ మందమైన నల్లగీత పెట్టడం చాలామందికి అలవాటు. గుండ్రని తెలుగు అక్షరాల లోపలి ఖాళీలను ఆ గీత పూడ్చేస్తుంది. చిన్నదిగా చూస్తే ఘ ఏదో, ఫ ఏదో తెలియదు. గీత బదులు అక్షరాల వెనక ఒకే రంగు పట్టీ వేయండి. ఫాంట్ విషయంలో రామభద్ర వంటి మందపాటి శీర్షిక ఫాంటు గాని, నోటో సాన్స్ తెలుగులో బోల్డ్ గాని సరిపోతాయి. రెండూ ఉచితంగానే దొరుకుతాయి.

కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోయి, అక్షరం పక్కన పొల్లుతో నిలబడతాయి. "విద్యార్థి" అనే మాట రాసి చూడండి, అది సరిగా వస్తే దాదాపు అన్నీ వస్తాయి. రాకపోతే ఆ యాప్ తెలుగుకు పనికిరాదు. సర్దుబాట్లతో కుస్తీ పట్టకుండా వేరేదానికి మారడం మేలు.

ఇంకో సంగతి, తెలుగు క్రియలు పొడవుగా సాగుతాయి. "చేసుకోవచ్చు" అనే ఒక్క మాటే బొమ్మలో సగం వెడల్పు తినేస్తుంది. థంబ్‌నెయిల్ మీద క్రియ లేకుండా నామపదాలతో సరిపెట్టండి. క్రియ పని శీర్షిక చూసుకుంటుంది.

ఇప్పుడు మన వీడియోకు థంబ్‌నెయిల్ కూర్చుదాం. ఎడమవైపు, ఒక చేతిలో ఫోన్, దాని మీద ఈ-కేవైసీ పూర్తయినట్లు చూపే తెర. ఈ తెర తప్పనిసరిగా మీ వీడియోలోనిదే అయి ఉండాలి. చూపరి ఆ బొమ్మను చూసి "నేను ఇక్కడికి చేరతాను" అనుకుంటాడు, వీడియో ఆయన్ను అక్కడికి చేర్చాలి. కుడివైపు పెద్ద అక్షరాల్లో రెండు వరుసలు: "ఓటీపీతో", దాని కింద "ఈ-కేవైసీ". ఆ కింద పసుపు పట్టీ మీద నల్లని అక్షరాలతో "నంబర్ లింక్ ఉంటే". ఈ మూడో వరుసను 96 పిక్సెళ్ళ ఎత్తులో రాస్తే చిన్న జాబితాలో 12 పిక్సెళ్ళుగా కనిపిస్తుంది, కష్టం లేకుండా చదవవచ్చు. పట్టీని కుడివైపు చిట్టచివరి మూలదాకా లాగవద్దు. కింద కుడి మూలలో యూట్యూబ్ వీడియో నిడివిని చూపే నల్లని చిన్న పెట్టె వేస్తుంది. సరిగ్గా అక్కడ మీ "ఉంటే" ఉందనుకోండి, షరతు మాయమై "నంబర్ లింక్" మాత్రమే మిగులుతుంది. అప్పుడు ఈ వీడియో నంబర్‌ను ఎలా లింక్ చేయాలో చెబుతుందనే అర్థం వస్తుంది.

తెరను ఫొటో తీసేటప్పుడు అందులో రైతు పేరు, ఆధార్ నంబర్, మొబైల్ నంబర్, ఓటీపీ ఉన్నాయేమో చూసి, వాటిపై నిండు రంగు పెట్టె వేసి కప్పండి. పలచగా మసకబరిస్తే పెద్దది చేసి చూసినప్పుడు అంకెలు పోల్చుకునే అవకాశం ఉంటుంది. మీ ఇంట్లోవారి ఆధార్ అయినా సరే ఈ నియమం మారదు.

ఏం పెట్టకూడదో కూడా చెప్పుకోవాలి. 2000 నోట్ల కట్టలు వద్దు, ఎందుకంటే మీ వీడియోలో డబ్బు లేదు. మూడు సింహాల చిహ్నం, శాఖల ముద్రలు, ప్రధాని, ముఖ్యమంత్రి ఫొటోలు కూడా వద్దు. అవి ఉంటే మీ వీడియో ప్రభుత్వమే విడుదల చేసినట్టు కనిపిస్తుంది. రాజ్య చిహ్నం విషయంలో ఇది మర్యాద ప్రశ్న మాత్రమే కాదు, దాని అనుచిత వినియోగాన్ని నిషేధిస్తూ 2005లో చట్టం కూడా వచ్చింది. ఇక ఆశ్చర్యంతో నోరు తెరిచిన ముఖం. అది నా దృష్టిలో మోసం కాదు గాని, ఈ-కేవైసీలో అంత ఆశ్చర్యపోయేది ఏముంది? ఆ చోటు ఫోన్ తెరకే ఇవ్వండి.

చేతిపని వీడియోల్లో ఫలితం బొమ్మ

ఫోన్ తెరకు ఒక స్పష్టమైన ముగింపు ఉంటుంది. చేతిపనులకు అలా ఉండదు. కలిగిరికి పడమటి దిక్కున ఉన్న ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలకు పేరుపొందింది. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ చెంచా తయారీ మీద ఎవరైనా వీడియోల వరుస చేస్తే, అన్నింటి థంబ్‌నెయిల్ మీదా నునుపుదేరిన అందమైన చెంచానే పెట్టాలనిపిస్తుంది. కాని మొదటి వీడియోలో చెక్కను కోసి ముతక ఆకారం తేవడం వరకే ఉందనుకోండి. అప్పుడు థంబ్‌నెయిల్ మీద పెద్దదిగా ఉండవలసింది ఆ ముతక ఆకారమే. పూర్తయిన చెంచాను పక్కన చిన్నదిగా చూపవచ్చు, "1వ భాగం" అన్న మాట స్పష్టంగా ఉంటే. చూపరి ఈ వీడియో చివర చేతిలో పట్టుకోబోయేది ఏమిటో అదే పెద్ద బొమ్మ కావాలి.

మొదటి అర నిమిషం

థంబ్‌నెయిల్, శీర్షిక చేసిన వాగ్దానాన్ని వీడియో మొదట్లోనే అందుకోవాలి. మన వీడియో తెరుచుకోగానే థంబ్‌నెయిల్‌లోని ఆ తెర కనిపించాలి. వెంటనే మీరు ఇలా చెప్పాలి: "చివరకు ఈ తెర వస్తే మీ ఈ-కేవైసీ అయినట్టు. దీనికి మీ ఆధార్‌కు మొబైల్ నంబర్ ఉండాలి. లేనివారు ఈ వీడియో చూడనక్కరలేదు, సేవా కేంద్రంలో వేలిముద్రతో చేయించుకోవచ్చు." ఇరవై సెకన్లు పడుతుంది. పొరపాటున తాకిన ఆ పెద్దాయనకు కూడా ఏం చేయాలో తెలుస్తుంది. వీడియో బాగున్నా, రెండు నిమిషాల ఉపోద్ఘాతం తర్వాత గాని విషయం రాకపోతే చూపరికి శీర్షిక మోసం చేసినట్టే అనిపిస్తుంది.

అంకెలు ఎలా చదవాలి

వీడియో విడుదలయ్యాక స్టూడియోలో రెండు అంకెలను కలిపి చూడాలి. మొదటిది క్లిక్‌త్రూ రేటు. థంబ్‌నెయిల్ తెర మీద కనిపించిన ప్రతిసారీ ఒక ఇంప్రెషన్‌గా లెక్క. కనీసం సగం బొమ్మ, ఒక సెకనుకు మించి కనిపించాలి. నూరు ఇంప్రెషన్లకు ఎన్ని క్లిక్‌లు వచ్చాయో అదే ఈ రేటు. యూట్యూబ్ సహాయ పేజీ ప్రకారం సగం ఛానెళ్ళకూ వీడియోలకూ ఇది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుంది. రెండోది, అర నిమిషం దగ్గర ఇంకా ఎంతమంది చూస్తున్నారన్నది. మొదటిది మీ వాగ్దానం ఎంత ఆకర్షించిందో చెబుతుంది, రెండోది అది ఎంత నిజమో చెబుతుంది.

ఊహించిన అంకెలతో ఒక లెక్క చేద్దాం. ఒకే వీడియోకు "ఖాతాలో 2000" శీర్షిక పెడితే 10,000 ఇంప్రెషన్లకు 9 శాతం, అంటే 900 క్లిక్‌లు వచ్చాయనుకోండి. వాళ్ళలో చాలామంది డబ్బు సంగతి లేదని తెలిసి వెళ్ళిపోతారు. అర నిమిషం దగ్గర 270 మందే మిగిలారు. సగటున ఒక్కొక్కరు చూసింది 70 సెకన్లు. మొత్తం చూసిన సమయం 63,000 సెకన్లు, అంటే పదిహేడున్నర గంటలు. షరతు చెప్పిన శీర్షికకు 6 శాతం, అంటే 600 క్లిక్‌లే వచ్చాయి. అర నిమిషం దగ్గర 420 మంది ఉన్నారు, సగటు 180 సెకన్లు. మొత్తం 1,08,000 సెకన్లు, అంటే 30 గంటలు. క్లిక్‌లు మూడో వంతు తగ్గినా, చూసిన సమయం దాదాపు 70 శాతం పెరిగింది.

ఈ లెక్క యూట్యూబ్‌కు కూడా ముఖ్యమే. 2012లో ఆ సంస్థ వీడియోలను సిఫార్సు చేసే పద్ధతిలో క్లిక్‌ల సంఖ్య కంటే చూసిన సమయానికి ఎక్కువ విలువ ఇవ్వడం మొదలుపెట్టింది. ఒకే వీడియోకు మూడు థంబ్‌నెయిళ్ళ దాకా పోటీ పెట్టే సదుపాయం స్టూడియోలో ఉంది. అందులో కూడా విజేతను తేల్చేది చూసిన సమయమే, క్లిక్‌లు కాదు. కొత్త ఛానెల్‌కు ఇంప్రెషన్లు తక్కువ కాబట్టి ఆ పోటీలో ఫలితం తేలకపోవచ్చు. వింత థంబ్‌నెయిళ్ళ మీద ఖర్చుపెట్టే సమయాన్ని మొదట్లో శీర్షిక మీద పెట్టండి.

క్లిక్‌త్రూ రేటు పడిపోయిందని కంగారుపడే ముందు ఒక సంగతి గమనించండి. మొదటిరోజు వీడియో ఎక్కువగా మీ ఛానెల్ ఎరిగినవారికి కనిపిస్తుంది. తర్వాత మిమ్మల్ని ఎరగనివారికి చూపినప్పుడు రేటు సహజంగా తగ్గుతుంది. మొదటిరోజు 8 శాతం, నెల తర్వాత 4 శాతం ఉంటే థంబ్‌నెయిల్ చెడిపోయినట్టు కాదు. క్లిక్‌త్రూ రేటు ఎక్కువగా ఉండి, అర నిమిషం దగ్గర మనుషులు మీ మిగతా వీడియోల్లో కంటే బాగా తక్కువగా ఉంటే మాత్రం అనుమానించవలసింది థంబ్‌నెయిల్‌నో, శీర్షికనో, వీడియో ఆరంభాన్నో.

అంకెలు రాకముందే చేయగల పరీక్ష ఒకటుంది. థంబ్‌నెయిల్‌నూ శీర్షికనూ ఫోన్‌లో చిన్నదిగా పెట్టి, విషయం తెలియని ముగ్గురికి రెండు సెకన్లు చూపించి తీసేయండి. "ఇందులో ఏం నేర్పిస్తారు? ఎవరికి పనికొస్తుంది?" అని అడగండి. "బాగుందా?" అని అడగవద్దు, బాగుందనే అంటారు. వారి జవాబు మీరు మొదట కాగితం మీద రాసుకున్న వాక్యంతో సరిపోవాలి. ముగ్గురిలో ఒకరు "డబ్బులు ఎప్పుడు పడతాయో చెప్తారు" అన్నారంటే, మీ బొమ్మలో ఏదో ఒకటి డబ్బు గురించి మాట్లాడుతోంది. దాన్ని వెతికి తీసేయండి.

పాతబడిన వీడియో

ప్రభుత్వ పోర్టళ్ళ తెరలు మారుతూ ఉంటాయి. విడుదల రోజున నిజమైన శీర్షిక ఏడాది తర్వాత అబద్ధంగా మారవచ్చు. ఇక్కడ కొన్ని ఛానెళ్ళు ఒక చెడ్డ పని చేస్తాయి: వీడియోను ముట్టుకోకుండా శీర్షికలోని సంవత్సరాన్ని మాత్రం కొత్తదిగా మారుస్తాయి. చూపరి కొత్త పద్ధతి అనుకుని లోపలికి వస్తే పాత తెరలు కనిపిస్తాయి. సంవత్సరాన్ని శీర్షికలో వేస్తే అది రికార్డు చేసిన సంవత్సరమే అయి ఉండాలి. పద్ధతి మారినప్పుడు కొత్త వీడియో చేయండి. పాతదాని శీర్షిక మొదట "పాత పద్ధతి" అని చేర్చి, వివరణ పెట్టెలో మొదటి వరుసలో కొత్తదాని లింకు ఇవ్వండి.

పథకాల మీద వీడియోలు చేసేవారు నియమాల సంగతి కూడా తెలుసుకుని ఉండాలి. తప్పుదారి పట్టించే శీర్షికలు, థంబ్‌నెయిళ్ళను యూట్యూబ్ చాలాకాలంగా నిషేధించింది. 2024 డిసెంబరులో భారతదేశంలో ఈ నియమాన్ని మరింత గట్టిగా అమలుచేస్తామని ప్రకటించింది. ముఖ్యంగా తాజా వార్తలు, వర్తమాన సంఘటనల విషయంలో వీడియోలో లేనిదాన్ని శీర్షికలో వాగ్దానం చేసే వీడియోలను తొలగిస్తామని చెప్పింది. "విడత విడుదలైంది" అనే శీర్షికతో వచ్చిన ఈ-కేవైసీ వీడియో ట్యుటోరియల్‌గా మొదలై వార్తగా వేషం వేసుకుంది. ఈ నియమం కిందికి రావడానికి అది చాలు.

కృత్యం

మీకు బాగా తెలిసిన ఒక పనిని ఎంచుకోండి. దాని మీద ఆరు నిమిషాల వీడియో చేస్తున్నారనుకుని ఈ కింది ప్రశ్నలకు జవాబులు రాయండి.

1. ఎవరికి, ఏ పని, ఎంతవరకు అన్నవి వచ్చేలా ఒక వాక్యం రాయండి. ఆ పనికి తప్పనిసరి అయిన షరతు ఏది?

2. ఆ వీడియోకు మూడు శీర్షికలు రాయండి: ఒకటి సగం నిజం, ఒకటి చప్పనిది, ఒకటి మీరు పెట్టబోయేది. మొదటిదాన్ని నమ్మి వచ్చిన చూపరి ఏ నిమిషం దగ్గర నిరాశపడతారో గుర్తించండి.

3. ఒక కాగితం మీద 16 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పెట్టె గీసి థంబ్‌నెయిల్ వేయండి. కింద కుడి మూలను ఖాళీగా ఉంచండి. దాన్ని ఫొటో తీసి, ఫోన్ గ్యాలరీలో చిన్న బొమ్మల వరుసలో చూసి, మాటలన్నీ చదవగలుగుతున్నారో లేదో రాయండి.